నాన్న పెద్దకర్మ రోజు చదవడానికి చిన్న పద్యం కావాలి, గొంతు ఆగినా చదవగలిగేది

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా నాన్న పోయారు. వచ్చే ఆదివారం పెద్దకర్మ. భోజనాలకు ముందు షామియానా కిందే అందరినీ కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పుకుందామని పెద్దవాళ్ళు అన్నారు. తమ్ముడు కర్త కాబట్టి తడిబట్టలతో, పురోహితుడితో ఉంటాడు. మాట్లాడాల్సింది నేనే. ఉపన్యాసం నావల్ల కాదు. ఒక నిమిషంలో అయిపోయే చిన్న పద్యమో గేయమో అయితే చూసి చదువుతాను.

నాన్నది సైకిల్ షాపు. పంక్చర్లు, రిమ్ము తీయడం, గాలి కొట్టడం. ఊళ్ళో సగంమంది పిల్లలు ఆయన చేతి మీదుగా బడికి వెళ్ళినవాళ్ళే. వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు దాదాపు సమానంగా ఉంటారు. పాతపట్నం నుంచి మా మేనత్తల కుటుంబాలు కూడా వస్తాయి.

బంధువు ఒకాయన ఇది రాసిచ్చారు. ప్రేమతోనే రాశారు. కానీ నేను గదిలో ఒంటరిగా చదివినా రెండో మాట దగ్గరే ఆగిపోతున్నాను.

"ఓ పితృమూర్తీ! మీ దివ్యస్మృతులు మా హృదయాంతరాళంలో శాశ్వతజ్యోతులై ప్రజ్వరిల్లుగాక..."

నాకు ఏడుపు వస్తుంది, అది ఖాయం. ఏడుపు వచ్చినా చదవగలిగేది ఎలా రాయాలి? నేను పూర్తి చేయలేకపోతే మా అమ్మాయి అందుకుంటుంది. తను తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని తెలుగు అక్షరాలు చదవలేదు.

---

గుణుపురం

అమ్మా, మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. పద్యాల కోసం వెతుక్కోకండి. పది రోజులూ గరుడ పురాణం చదివించారా? పదకొండో రోజున పురోహితుడు చెప్పే మంత్రాలే చాలు. ఫ్లెక్సీ కోసమైతే మా దగ్గర మంచి మాటలు ఉన్నాయి, ఫోటో కింద వేసుకోవచ్చు, పంపిస్తాను.

---

మహేంద్రతనయ

అన్నయ్యా, ధన్యవాదాలు. పురాణ పఠనం జరుగుతోంది. ఫ్లెక్సీ తమ్ముడు చూసుకుంటున్నాడు. నేను అడిగింది మైకు ముందు నిలబడి నోటితో చదవాల్సిన దాని గురించి.

---

పాతపట్నం పద్యం

అక్కా, ఆటవెలది రాసుకోండి. వేమన పద్యాలు చిన్నప్పటి నుంచి చెవిలో ఉన్న నడక కాబట్టి కళ్ళు మసకబారినా నోరు దానంతట అదే చెబుతుంది. వచనమైతే కాగితం కనపడకపోతే అయిపోయినట్టే. పద్యానికి యతి ఉంటుంది, అది తర్వాతి మాటను గుర్తుచేస్తుంది. మీరు చెప్పిన వివరాలతో ఒకటి కట్టాను.

తెల్లవారు ముందె తెరచు తలుపు తాను
గాలి పంపు తీసి గడప ముందు
పెట్టి పిల్లలకును పిలిచి గాలిని పోసె
నాన్న చేతి మసియె నాకు నిలిచె

గణాలు సరిచూసుకున్నాను. దీన్ని రాగంతో పాడితే సభ నిశ్శబ్దమైపోతుంది.

---

సిరొంచ ఒడ్డు

నేను మహారాష్ట్ర వైపు నుంచి. గడ్చిరోలి జిల్లా సిరొంచ. మాదీ ఇలాంటి పరిస్థితే. మా అమ్మ పోయినప్పుడు నేనే చదివాను. మరాఠీ మాట్లాడే వాళ్ళు, తెలుగువాళ్ళు కలిసి కూర్చున్నారు. నా కాగితంలో మొదటి మాటే "అమ్మా". ఆ మాట అన్నాక ఇక గొంతు లేదు. పక్కన ఎవరూ సిద్ధంగా లేరు. మా బావ వచ్చి కాగితం తీసుకున్నాడు గాని నా చేతిరాత ఆయనకు అర్థం కాలేదు. అక్కడితో ఆగిపోయింది. రేపు సంవత్సరీకానికైనా సరిగ్గా చదవాలని ఈ చర్చ చూస్తున్నాను.

---

రాయగడ అక్క

చెల్లీ, నేను చాలా ఏళ్ళు నాటకాల్లో వేశాను. ఇప్పుడు మా వైపు సంతాప సభలకు చదవడానికి పిలుస్తుంటారు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు గొంతు సంగతి. ఏడుపు పొంగినప్పుడు ఒళ్ళు ఎక్కువ గాలి కోరుకుంటుంది. అందుకని గొంతు తెరుచుకుని ఉండాలని చూస్తుంది. మాట రావాలంటే స్వరతంత్రులు దగ్గరకు రావాలి, గుటక పడాలంటే గొంతు మూసుకోవాలి. ఈ రెండూ పెనుగులాడినప్పుడే ఉండ అడ్డుపడినట్టు ఉంటుంది. ఆ సమయంలో పోయేవి మూడు: పొడుగు ఊపిరి, పై స్థాయి, నాలుకకు పని పెట్టే మాటలు. కాబట్టి ఆ మూడూ అవసరం లేకుండా రాసుకోవాలి.

మీ బంధువు గారి వాక్యం చూడు. "పితృమూర్తీ", "స్మృతులు", "హృదయాంతరాళం", "ప్రజ్వరిల్లు". ఒత్తుల మీద ఒత్తులు, మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేదు. క్రియాపదం చిట్టచివర ఉంది. గొంతు మధ్యలో ఆగితే విన్నవాళ్ళకు ఏమీ అందదు. కాగితం మీద చదువుకోవడానికి రాసిన మాట అది.

పాతపట్నం తమ్ముడి పద్యం చక్కగా ఉంది. మసి మాట నాకు బాగా నచ్చింది. ఛందస్సు జ్ఞాపకానికి ఊతమన్నది కూడా నిజమే. కానీ రెండు చిక్కులు ఉన్నాయి.

ఒకటి, "గడప ముందు" అని రెండో పాదం అయ్యింది, "పెట్టి" మూడో పాదంలో ఉంది. పాదం చివర ఆగితే మాట గాలిలో వేలాడుతుంది. సభలో చదివేవాళ్ళకు పాదం చివరే ఊపిరి. అక్కడ అర్థం పూర్తవ్వకపోతే ఊపిరి తీసుకునే ధైర్యం రాదు, తీసుకోకుండా పరుగెత్తితే మూడో పాదంలో గొంతు పోతుంది. రెండు, "పిల్లలకును" లో ఆ "ను" గణం నింపడానికి వచ్చింది. మామూలుగా మనం అలా అనం. అలవాటు లేని మాట దగ్గర నోరు తడబడుతుంది, తడబడగానే ఏడుపు తోసుకొస్తుంది.

ఇక రాగం. పద్యం పాడేటప్పుడు పాదం చివర గొంతు పైకి లేపి సాగదీస్తాం. ముందుగా విరిగేది ఆ పై స్థాయే. పాడవద్దు. మాట్లాడే స్థాయి కన్నా కాస్త కిందికి దించి, పక్కింటావిడతో చెప్పినట్టు చెప్పు.

రాయడానికి నేను పట్టుకునే పద్ధతి ఇది. పాదానికి ఒక వాక్యం. వాక్యంలో మూడు, నాలుగు మాటలు. ప్రతి వాక్యం తనంతట తాను నిలబడాలి. ఏ పాదాన్ని వదిలేసినా మిగతాది అతుక్కోవాలి. ఇది నిజంగా అవసరపడుతుంది. గొంతు పోయినప్పుడు ఆ పాదాన్ని వదిలి కింది దానికి వెళ్ళిపోవచ్చు, విన్నవాళ్ళకు తెలియదు.

ముందు నువ్వు మీ నాన్న గురించి నోటితో చెప్పు, ఇక్కడ టైపు చెయ్యి. ఏ రోజూ తప్పకుండా చేసే పనులు. మంచితనం, ఔదార్యం లాంటి మాటలు వద్దు. పనులు చెప్పు.

---

మహేంద్రతనయ

అక్కా, ఇప్పుడే రాస్తున్నాను.

పొద్దున్నే లేచేవాడు. టీ తాగేవాడు కాదు, ముందు షాపు తీసేవాడు. గాలి పంపు బయట పెట్టేవాడు, రాత్రి లోపల పెట్టేవాడు. ఎవరైనా వచ్చి గాలి కొట్టుకోవచ్చు, డబ్బులు అడిగేవాడు కాదు. బడి పిల్లల సైకిళ్ళు వస్తే పెద్దవాళ్ళవి పక్కన పెట్టి వాళ్ళవే ముందు చూసేవాడు, బడికి లేటవకూడదని. చేతులకు ఎప్పుడూ మసి ఉండేది. సబ్బు పెట్టినా గోళ్ళ సందుల్లో పోయేది కాదు. మా పెళ్ళి ఫోటోల్లో కూడా కనిపిస్తుంది.

"వాడు" అంటున్నాను, మా ఇంట్లో అలాగే అంటాం. సభలో "వారు" అనాలా?

---

బరంపురం మాష్టారు

అమ్మాయీ, నేను తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో "నాన్న వచ్చాడు" అనే అలవాటు ఉన్నప్పుడు మైకు ముందు "నాన్నగారు విచ్చేసేవారు" అంటే నోటికి పరాయి అవుతుంది. ఇంట్లో మాటే చదువు. మీది గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. పర్లాకిమిడిలో ఇంటి తెలుగులో నివాళి చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. పెద్దవాళ్ళెవరైనా ఏమైనా అంటారనుకుంటే, సభ మొదలుపెట్టే ఆయన పరిచయంలో పూర్తి పేరు, గారు అన్నీ చెప్పేస్తారు. గౌరవం అక్కడ తీరిపోతుంది.

అయితే రాయగడ అమ్మాయి చెప్పినదానితో ఒక దగ్గర నేను కలవను. మా అమ్మమ్మల కాలంలో ఆడవాళ్ళు శోకం పెట్టేటప్పుడు పోయినవాళ్ళు చేసిన పనులన్నీ వరసగా చెప్పేవారు. ఏడుస్తూనే చెప్పేవారు, ఒక్క మాట పోయేది కాదు. ఎందుకంటే ప్రతి ముక్క చివరా "నాయనో" అని ఒక పిలుపు. ఊపిరంతా ఆ పిలుపులో వదిలి, మళ్ళీ తీసుకుని తర్వాతి ముక్క అందుకునేవారు. ఏడుపును ఆపుకోకుండా ఏడుపు మీదే నడిపే పద్ధతి అది. ప్రతి పాదం చివరా "నాన్నా" అని పెట్టి చూడు. ఊపిరికి చోటు దానంతట అదే దొరుకుతుంది.

---

రాయగడ అక్క

మాష్టారూ, శోకం గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఆ పిలుపు దగ్గరే ఊపిరి తీసుకునేవారు. కానీ అక్కడ గొంతు విరిగినా ఫర్వాలేదు, విరగడం కూడా శోకంలో భాగమే. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అందుకుని కలిసి ఏడ్చేవారు. ఇక్కడ మైకు ఉంది, కుర్చీల్లో మనుషులున్నారు, చదివేది ఒక్కతే. "నాన్నా" అని ఎదురుగా పిలిస్తే ఫోటో వైపు చూస్తుంది, చూస్తే ఆగిపోతుంది. సిరొంచ తమ్ముడికి జరిగిందదే. "నాన్న ఇలా చేసేవాడు" అని పక్కవాళ్ళకు చెబితే చూపు మనుషుల వైపు ఉంటుంది. నేను అలాగే రాయమంటాను.

చెల్లీ, నీ మాటల్నే పాదాలుగా విరిచాను. నేను కొత్తగా పెట్టింది దాదాపు ఏమీ లేదు.

నాన్న పొద్దున్నే లేచేవాడు.
షాపు తలుపు తీసేవాడు.
గాలి పంపు బయట పెట్టేవాడు.
ఎవరైనా గాలి కొట్టుకోవచ్చు.

పిల్లల సైకిలు ముందు చూసేవాడు.
బడికి లేటవకూడదు.
సబ్బు పెట్టినా మసి పోయేది కాదు.
ఆ చేతులే మమ్మల్ని పెంచాయి.

ఇప్పుడు ఒక్కో పాదం మీద వేలు పెట్టి మూసి, మిగతాది చదివి చూడు. ఎక్కడ తెగుతోందో చెప్పు.

---

మహేంద్రతనయ

మొదటి నాలుగింటిలో ఏది మూసినా బాగానే ఉంది. "పిల్లల సైకిలు" మూస్తే "బడికి లేటవకూడదు" ఎందుకొచ్చిందో తెలియడం లేదు. ఎవరు ఎవరితో అన్నారో అర్థం కాదు. "సబ్బు పెట్టినా" మూస్తే "ఆ చేతులే" అంటే ఏ చేతులో తెలియదు.

ఇంకొకటి అక్కా. "పెంచాయి" దగ్గర నాకు ఇప్పుడు రాస్తుంటేనే ఆగిపోతోంది. అది చివర ఉంటే ఏడుస్తూ దిగిపోతాను.

---

రాయగడ అక్క

సరిగ్గా పట్టుకున్నావు. "బడికి లేటవకూడదనేవాడు" అంటే చాలు, అన్నది నాన్నే అని తెలిసిపోతుంది, ఒంటరిగా నిలబడుతుంది. "ఆ మసి చేతులే" అంటే పైపాదం లేకపోయినా తెలుస్తుంది. అక్కడ కూర్చున్న అందరూ ఆ చేతుల్ని చూసినవాళ్ళే.

ఇక చివరి సంగతి. అన్నిటికన్నా బరువైన పాదం ఎప్పుడూ మధ్యలో ఉండాలి. దాని తర్వాత ఏ బరువూ లేని, చూసింది చూసినట్టు చెప్పే పాదాలు రెండు మూడు ఉండాలి. గొంతు విరిగితే ఆగుతావు, నీళ్ళు తాగుతావు, తర్వాత చదవాల్సింది తేలికగా ఉంటే మళ్ళీ లేస్తావు. బరువైనదే చివర పెడితే లేవడానికి ఇంకేమీ మిగలదు.

కాబట్టి మూడో ముక్క కావాలి. ఒక ప్రశ్న. ఇప్పుడు షాపు ఏం చేస్తున్నారు? పంపు ఎక్కడుంది?

---

మహేంద్రతనయ

షాపు మూసే ఉంది. ఏం చేయాలో ఇంకా అనుకోలేదు. పంపు లోపలే ఉంది. తమ్ముడితో ఇప్పుడే మాట్లాడాను. రేపటి నుంచి బయట పెడతానన్నాడు.

---

రాయగడ అక్క

అయితే ఇదీ మూడో ముక్క. తమ్ముడు నిజంగా పంపు బయట పెడితేనే చదువు. పెట్టకపోతే ఈ ముక్క తీసేద్దాం, వేరేది చూద్దాం. అబద్ధమైన పాదం చదివేటప్పుడు నోటికే తెలిసిపోతుంది.

నాన్న పొద్దున్నే లేచేవాడు.
షాపు తలుపు తీసేవాడు.
గాలి పంపు బయట పెట్టేవాడు.
ఎవరైనా గాలి కొట్టుకోవచ్చు.

పిల్లల సైకిలు ముందు చూసేవాడు.
బడికి లేటవకూడదనేవాడు.
సబ్బు పెట్టినా మసి పోయేది కాదు.
ఆ మసి చేతులే మమ్మల్ని పెంచాయి.

ఈ రోజు షాపు మూసి ఉంది.
పంపు మాత్రం బయటే ఉంది.
ఎవరైనా గాలి కొట్టుకోవచ్చు.

నెమ్మదిగా, పాదం పాదానికి ఊపిరి తీసుకుంటూ చదివినా నిమిషం లోపే. నాలుగో పాదమే చివర మళ్ళీ వస్తుంది. ఒకసారి అన్న మాట రెండోసారి నోటికి సులువు. నువ్వు ఎక్కడ ఆగిపోయినా మీ అమ్మాయి ఆ ఒక్క పాదం చెప్పి ముగించినా పూర్తయినట్టే ఉంటుంది. అది ఆమెకు కంఠస్థం చేయించు, లిపి గొడవ ఉండదు.

---

పాతపట్నం పద్యం

అక్కా, ఇది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ దీన్ని పద్యం అనగలమా? వాక్యాలు కదా. లయ ఏదీ?

---

బరంపురం మాష్టారు

లయ ఉందయ్యా. పైకి చదివి చూడు. మొదటి మూడూ "వాడు" మీద ఆగుతాయి, నాలుగోది వేరే చోట దిగుతుంది. రెండో ముక్కలోనూ రెండు "వాడు"లు, తర్వాత మలుపు. చెవికి అది చాలు. గణాలు కుదరలేదు కాబట్టి ఛందస్సు అనను. కానీ సభలో వినేవాడు గణాలు లెక్కపెట్టడు, ఎక్కడ ఆగారో వింటాడు.

అయినా నా మాట మీద నేనున్నాను. ఒక్కచోటైనా "నాన్నా" అన్న పిలుపు ఉండాలి. అది లేకపోతే పక్కింటాయన గురించి చెప్పినట్టు ఉంటుందేమోనని నా సందేహం.

---

మహేంద్రతనయ

మాష్టారూ, మీరన్నట్టు ఒకసారి పిలుపుతో చదివి చూశాను, నావల్ల కాలేదు. సభ అయ్యాక ఫోటో దగ్గర నేను ఒక్కదాన్నే అంటాను.

అమ్మాయి మొత్తం నేర్చుకుంటానంటోంది. ఒడియా అక్షరాల్లో రాసివ్వమంది. రాస్తే సరిపోతుందా?

---

జయపురం

మా పిల్లలకు తెలుగు పాటలు నేను అలాగే రాసిస్తాను. ఒక్క ఇబ్బంది ఉంది. ఒడియా లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓ కూడా అంతే. "పెట్టేవాడు" రాస్తే మొదటి అక్షరానికీ రెండో అక్షరానికీ ఒకే గుర్తు పడుతుంది. తెలుగు మాట్లాడే పిల్ల కాబట్టి మీ అమ్మాయి సరిగ్గానే చదువుతుంది. కానీ తను కూడా ఆగిపోయి కాగితం ఇంకో ఒడియా స్నేహితురాలి చేతికి వెళితే, దీర్ఘాలు తారుమారవుతాయి. ఒడియాలో "అ" పలికే తీరు కూడా వేరు, కాస్త "ఒ" వైపు మొగ్గుతుంది. "నాన్న" చివర అది తెలిసిపోతుంది. మేము సాగదీయాల్సిన అక్షరం కింద గీత పెడతాం. మీరూ అలా చేయండి.

---

సిరొంచ ఒడ్డు

మా దగ్గరా అంతే. దేవనాగరిలో తెలుగు రాస్తే మరాఠీ పిల్లలు పొట్టి ఎ, పొట్టి ఒ సాగదీసి చదువుతారు. గీత పద్ధతి బాగుంది.

---

గుణుపురం

అమ్మా, ముందు నాకు విషయం వేరేగా అర్థమైంది. ఇప్పుడు చదివాను, బాగుంది. ఈ కార్యక్రమాలకు మైకు, షామియానా పెట్టించేది నేనే కాబట్టి రెండు మాటలు. ఆకు వేశాక సభ పెట్టవద్దు. వడ్డన మొదలైతే ఎవరూ వినరు, గిన్నెల చప్పుడు మైకులో పడుతుంది. పురోహితుడు లేచాక, ఆకులు వేయకముందు పెట్టించండి. మైకు స్టాండ్‌కే ఉండనివ్వండి, చేతిలో పట్టుకోవద్దు. చేయి వణికితే మాట వస్తూ పోతూ ఉంటుంది. ఏడుపు వస్తే తల పక్కకు తిప్పండి, మైకును చేత్తో మూయవద్దు. మూస్తే చాలాసార్లు కీచుమని కూత వేస్తుంది.

---

రాయగడ అక్క

గుణుపురం అన్నయ్య చెప్పింది బంగారం. నేను కాగితం గురించి చెబుతాను. పల్చటి కాగితం వద్దు, చేయి వణికితే చప్పుడవుతుంది, కళ్ళకు అక్షరాలు ఆడతాయి. పెళ్ళి శుభలేఖ అట్టలాంటిది తీసుకో. అక్షరాలు పెద్దవిగా, పాదానికి పాదానికి మధ్య ఒక ఖాళీ వరస. కన్నీళ్ళలోంచి కూడా కనపడాలి. ఫోన్‌లో చూసి చదవవద్దు. తెర ఆరిపోతుంది, ఎవరో ఫోన్ చేస్తారు. ఎడమచేతి బొటనవేలు చదువుతున్న పాదం పక్కన ఉంచి, అది అయ్యాకే కిందికి జరుపు. ఆగిపోయినా ఎక్కడున్నావో నీకు తెలుస్తుంది, పక్కన నిలబడ్డ అమ్మాయికీ తెలుస్తుంది. ఆమె నీ ఎడమవైపు నిలబడాలి.

మొదలుపెట్టే ముందు ఊపిరి తీసుకోవడం కాదు, వదలడం. అంతా వదిలేయి, తర్వాత లోపలికి దానంతట అదే వస్తుంది. ఉక్కిరిబిక్కిరిగా ఉన్నప్పుడు పైపైన పీల్చుకుంటూ పోతే గొంతు ఇంకా బిగుస్తుంది. గొంతు ఆగితే పాదం మధ్యలో నెట్టుకుపోకు. ఆగు, వదులు, ఒక గుక్క నీళ్ళు, ఆ పాదమే మొదటి నుంచి చదువు. అదీ రాకపోతే వదిలేసి కిందికి వెళ్ళు. "క్షమించండి" అనవద్దు, ఆ మాట మొదట్లోనే ఒత్తు ఉంది, అదే ఏడుపు తెప్పిస్తుంది. ఎంతసేపు ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు.

రోజూ పైకి చదువు, మనసులో కాదు. పైకి చదివినప్పుడే ఏ పాదం దగ్గర ఆగుతావో బయటపడుతుంది. ఆ పాదం ముందు పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకో.

---

పాతపట్నం పద్యం

ఒడియావాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడలేదు. చివరి పాదమైనా ఒడియాలో చెబితే బాగుంటుంది కదా? సగం సభకు అర్థం కాకుండా పోతుంది.

---

బరంపురం మాష్టారు

బరంపురంలో ఇలాంటి సభల్లో రెండు భాషలూ నడుస్తాయి, అది మాకు మామూలే. కానీ చదివే మనిషి గొంతు నిలవని సమయంలో భాష మారిస్తే నడక తెగుతుంది. వేరే ఎవరైనా ముందే ఒడియాలో రెండు వాక్యాల్లో భావం చెప్పేస్తే మంచిది.

---

జయపురం

నేను ఒప్పుకోను మాష్టారూ. ఆయన షాపుకు వచ్చినవాళ్ళలో సగంమంది ఒడియావాళ్ళు. గాలి కొట్టుకోవచ్చు అన్న మాట వాళ్ళకు కూడా చెప్పాలి, అదీ వాళ్ళ భాషలో, ఆయన ఇంటి మనిషి నోటితో. అమ్మాయికి ఒడియా బాగా వచ్చు కదా. చివరి పాదం తల్లి తెలుగులో, వెంటనే కూతురు ఒడియాలో చెబితే ఏం?

---

మహేంద్రతనయ

ఇది ఇంట్లో అందరినీ అడుగుతాను. మేనత్తలు ఏమంటారో చూడాలి.

---

మహేంద్రతనయ

అయ్యింది. పంపు ముందు రోజు నుంచే బయట పెట్టాం. పురోహితుడు లేచాక, ఆకులు వేయకముందే సభ పెట్టించారు. మా బావగారు పేరు, ఊరు, షాపు అన్నీ పరిచయంలో చెప్పేశారు.

మొదటి ముక్క బాగానే చదివాను. నేను ఆగిపోతాననుకున్నది "మసి చేతులే" దగ్గర. అక్కడ కాదు, "బడికి లేటవకూడదనేవాడు" దగ్గర ఆగిపోయాను. ముందు వరసలో ఒకప్పుడు బడి పిల్లాడిగా వచ్చినతను, ఇప్పుడు మాష్టారు, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. అది చూశాను. వేలు అక్కడే పెట్టి ఊపిరి వదిలాను. ఆ పాదం వదిలేసి కిందికి వెళ్ళాను. తర్వాత మేనత్తను అడిగితే ఏదో వదిలేశానని తెలియనే లేదంది.

చివరి పాదం నేను తెలుగులో చెప్పాను. అమ్మాయి ఒడియాలో చెప్పింది. ఒక మేనత్తకు అది నచ్చలేదు, పెద్దకర్మలో రెండు భాషలేమిటంది. వెనక కూర్చున్న ఒడియా పెద్దాయనొకరు మాత్రం లేచి నిలబడ్డారు. మా ఇంట్లో ఆ విషయం ఇంకా తేలలేదు.

---

బరంపురం మాష్టారు

ఫోటో దగ్గర పిలిచావా అమ్మా?

---

మహేంద్రతనయ

పిలిచాను మాష్టారూ. రాత్రి.

---

సిరొంచ ఒడ్డు

అక్కా, మీరు చదవగలిగినందుకు సంతోషం. రాయగడ అక్కా, నాది కూడా చూస్తారా? మా అమ్మ పత్తి ఏరడానికి వెళ్ళేది. ప్రాణహిత ఒడ్డున మా చేను. నాలుగు పాదాలు రాశాను.

అమ్మ పొద్దున్నే చేనుకు వెళ్ళేది.
తిరిగొచ్చేసరికి చీకటయ్యేది.
నడుముకు పత్తి ఒడి కట్టి ఉండేది.
అందులోనే మాకు జామకాయలు తెచ్చేది.

---

రాయగడ అక్క

జామకాయల పాదం చాలా బాగుంది తమ్ముడూ. నీ గొంతు అక్కడే ఆగుతుంది, కాబట్టి దాని కింద ఇంకో మూడు పాదాలు కావాలి. "అందులోనే" ను "ఆ ఒడిలోనే" అని మార్చు, పైపాదం వదిలేసినా నిలబడుతుంది. మొదటి పాదం "అమ్మ"తో మొదలవుతోంది. పోయినసారి నువ్వు ఆగిపోయింది ఆ మాట మీదే కదా. "పొద్దున్నే చేనుకు వెళ్ళేది అమ్మ" అని తిప్పి, పైకి చదివి చూడు. అప్పటికి గొంతు కాస్త వేడెక్కి ఉంటుంది. జామకాయలు ఇచ్చాక ఆమె ఏం చేసేది? పొయ్యి వెలిగించేదా, కాళ్ళు కడుక్కునేదా? అది రాసి పంపు, ఆ మూడు పాదాలూ అక్కడే దొరుకుతాయి.